ఎనిమిది అక్షరాల లోపు

దస్తావేజులు రాసేవాడికి పొట్టి మాట రాదు. ముప్పై ఏళ్లుగా లేఖరి రాసిన ప్రతి కాగితంలోనూ మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, కాపురం, నాలుగు దిక్కుల హద్దులు వరసగా ఉండి తీరాలి. ఒక్కటి తప్పినా రేపు ఎవడో ఒకడు కోర్టుకెక్కుతాడు. అందుకని అతను కిరాణా కొట్టుకి చీటీ రాసినా "పైన తెలిపిన కందిపప్పు" అనే రాసేవాడు.

అతని అత్తగారిది వేరే దారి. ఆవిడ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గొంతుకి ఆపరేషన్ అయి, కంఠం కింద రంధ్రం చేసి గొట్టం పెట్టాక మాట పోయింది. అప్పట్నుంచి పలకా బలపమే ఆవిడ నోరు. చెయ్యి నొప్పి పుడుతుందని ఒక్క మాటే రాస్తుంది. ఉప్పు. ఫ్యాను. వెధవ. ఆ ఒక్క మాటా చాలు, ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది. అల్లుడికి ఆవిడ పెట్టిన పేరు "దస్తావేజు".

ఆ గొట్టంలో కఫం చేరుతుంది. రెండు మూడు గంటలకోసారి దాన్ని లాగెయ్యాలి. దానికి మంచం పక్కనే ఒక మిషన్ ఉంది: మోటారు, ముల్లు తిరిగే మీటరు, కఫం పడే సీసా. సీసా మూత మీద నుంచి మోటారుకి పోయే రబ్బరు గొట్టం ఒక చిన్న ఎల్బో మీద ఆగుతుంది. చిటికెన వేలంత, మోచేతిలా వంగిన ప్లాస్టిక్ ముక్క. మూతతో కలిసి వచ్చే ఆ ముక్క రెండు నెలల కిందట విరిగితే, కొత్త మూత ఊళ్లో అమ్మేవాళ్లు దొరక్క, అతని భార్య కొలతలు తీసుకుని తన త్రీడీ ప్రింటర్ మీద రెండు చేసింది. ముందు గదిలో ఆమె వ్యాపారం అదే. మిక్సీ మీటలు, తలుపు గొళ్లాలు, కుట్టుమిషన్ పళ్ల చక్రాలు, ఊళ్లో దొరకని ముక్క ఏదైనా ఆమె దగ్గర పుడుతుంది. ఆ రెండు ఎల్బోల్లో మొదటిది నిన్న పగిలింది. రెండోది పెట్టి, అసలు మూతే కొనుక్కొస్తానని పొద్దున్నే పట్నానికి బస్సెక్కింది.

పదకొండు గంటలకి ఆ రెండోది కూడా పగిలింది.

చప్పుడు కూడా పెద్దగా రాలేదు. లేఖరి మిషన్ ఆన్ చేశాడు. మోటారు తిరిగింది, ముల్లు లేవలేదు. చూస్తే ఎల్బో మధ్యలో వెంట్రుక వాసి గీత, దాని వెంటే గాలి ఈల వేస్తోంది. టేపు చుట్టాడు. మోటారు ఆ టేపునే లోపలికి పీల్చి నొక్కేసింది. ఇంకో రెండు చుట్లు చుడితే ముక్క రెండుగా ఊడి చేతికొచ్చింది.

అత్తగారు కళ్లు తెరిచి చూసింది. గొంతులో గురగుర మొదలైంది.

లేఖరి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. పూర్తి చిరునామా, దారి, ఆనవాలు అన్నీ చెప్పాడు. అవతలి మనిషి ఓపిగ్గా విని, "కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయండీ, చుట్టూ తిరిగి రావాలి. గంటన్నర పడుతుంది. ఈలోపు సిరంజి ఉంటే దాంతో లాగుతూ ఉండండి," అన్నాడు.

సిరంజి ఉంది. నర్సు ఎప్పుడో నేర్పింది: లావు సిరంజికి సన్న గొట్టం తగిలించి, గుర్తు దాకానే లోపలికి పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేలోపు లాగి బయటికి తియ్యాలి. అప్పుడు నేర్చుకుంటూ నవ్వాడు. ఇప్పుడు లెక్కపెడుతుంటే ఆరు తర్వాత ఏమొస్తుందో గుర్తు రాలేదు. పల్చటిది కొంచెం వచ్చింది. చిక్కటిది లోపలే ఉండిపోయింది. ఆవిడ వేలికి పెట్టిన, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు మీద తొంభై నాలుగు ఉండాల్సింది తొంభై ఒకటి చూపించింది.

చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది. ముందు గదిలో ప్రింటర్ ఉంది. ఎల్బో ఫైలు మెమరీ కార్డులో ఉంది. అచ్చవడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు.

భార్య చెయ్యగా వంద సార్లు చూశాడు. కార్డుని మిషన్ పక్కనున్న సందులో పెట్టడం, చక్రం తిప్పడం, పేరు మీద నొక్కడం. అంతే కదా అనుకుని ముందు గదిలోకి పరిగెత్తాడు. కార్డు సందులో ఉంది. చక్రం నొక్కాడు. అరచేతిలో సగం ఉండే ఆ తెర మీద ఒకే మాట వచ్చింది: కార్డు లేదు.

తీసి మళ్లీ పెట్టాడు. కార్డు లేదు. చొక్కాకి తుడిచి పెట్టాడు. కార్డు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ కార్డు అతను పెట్టిందే.

మొన్న ఆదివారం భార్య పడుకున్నాక కాదు, ఆమె ఎదురుగానే, ఆమె వద్దు వద్దంటుండగానే ఆ పని చేశాడు. ఆమె పాత కార్డులో ఫైళ్లకి మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు పేర్లుండేవి. ఎల్బో1, కేకే, మీట3. ఒకసారి మీట2కి బదులు మీట3 అచ్చు వేసి ఒక మనిషి చేత మాట పడింది. "పేరు సరిగ్గా రాయకపోతే ఇంతే," అన్నాడు లేఖరి. పెద్ద కార్డు కొన్నాడు, అరవై నాలుగు జీబీ. సంవత్సరం, అందులో నెల, అందులో ఊరు, అందులో ఖాతాదారు, అందులో వస్తువు అని ఫోల్డరులో ఫోల్డరు పెట్టి అన్నీ సర్దాడు. ప్రతి ఫైలుకీ చదివితే పూర్తిగా తెలిసే పేరు పెట్టాడు. పాత కార్డుని కవరులో పెట్టి, అంటించి, అంటు మీద సంతకం చేసి భార్య హ్యాండ్‌బ్యాగులో వేశాడు. "ఒరిజినల్ ఎప్పుడూ యజమాని దగ్గరే ఉండాలి," అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఏ ముక్కా అచ్చవలేదు. ఆ హ్యాండ్‌బ్యాగు ఇప్పుడు పట్నంలో ఉంది.

భార్యకి ఫోన్ చేశాడు. ఎనిమిదోసారికి కలిసింది. వాన హోరులో మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"ఏమే, ఎల్బో పగిలింది. మిషన్ కార్డు లేదంటోంది."

"అమ్మ ఎలా ఉంది?"

"సిరంజితో లాగుతున్నా. కార్డు ఎందుకు లేదంటోంది, కళ్ల ముందు ఉంటే?"

"ఏ కార్డు? మీరు కొన్నదా? అది ఎంతది?"

"అరవై నాలుగు."

అవతల్నుంచి, "అది చదవదండీ. ముప్పై రెండు లోపుండాలి. పెద్ద కార్డులు ఎక్స్‌ఫాట్ అనే పద్ధతిలో వస్తాయి, నా ప్రింటర్‌కి అది అర్థం కాదు. ఫ్యాట్ థర్టీటూ అని ఉండాలి. ఫార్మాట్..." అని తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టాడు. ల్యాప్‌టాప్‌కి బ్రహ్మాండంగా కనబడింది, అన్నీ ఉన్నాయి, సర్దినవి సర్దినట్టే. ఎల్బో ఉన్న సంవత్సరం ఫోల్డరుని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఫార్మాట్ పెట్టె తెరిచాడు. అందులో రెండే పేర్లున్నాయి, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫాట్. ఫ్యాట్ థర్టీటూ లేనే లేదు. పైకీ కిందికీ జరిపాడు. పెద్ద కార్డుకి ఆ పెట్టె ఆ పేరు ఇవ్వదని అతనికి చెప్పేవాళ్లెవరూ లేరు. తనదే ఏదో తప్పనుకుని మూడుసార్లు తెరిచి మూశాడు.

లోపలి గదిలోంచి బలపంతో పలక మీద కొట్టిన చప్పుడు. టక్ టక్ టక్.

వెళ్లి సిరంజి పట్టుకున్నాడు. ఆవిడ పెదాల అంచున రంగు మారింది. గురగుర ఇప్పుడు ముందు గదిలోకి కూడా వినబడుతోంది. లాగాడు. అర చెంచాడు వచ్చింది. ఎనభై తొమ్మిది.

"అత్తయ్యా, భయపడకండి," అన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పుకున్నాడో ఇద్దరికీ తెలుసు.

ఆవిడ పలక మీద రాసింది: కెమెరా.

అతనికి అర్థం కాలేదు. ఆవిడ అదే మాట కింద బలపంతో గట్టిగా గీత గీసింది. బలపం విరిగింది. అప్పుడు తలకెక్కింది. పొలాల హద్దురాళ్లు ఫోటో తియ్యడానికి అతను వాడే పాత కెమెరా. అందులో ఉన్నదీ అలాంటి కార్డే, ఎనిమిది జీబీది. పోయినేడు భార్య "ఆ కెమెరా కార్డుతో నా మిషన్‌లో కూడా పని నడుస్తుంది" అన్నప్పుడు అతను వినలేదు. ఈ మంచం మీంచి ఆవిడ విన్నది.

సంచీ బోర్లించి కెమెరా తీశాడు. కార్డుని ల్యాప్‌టాప్‌లో పెట్టి వివరాలు చూస్తే, ఫ్యాట్ థర్టీటూ అని రాసి ఉంది. ఏ ఫార్మాటూ అక్కర్లేదు. అతని ప్రాణం లేచొచ్చింది. ఫైలుని ఒక్కదాన్నే తియ్యడానికి మనసొప్పక, కట్టలోంచి కాగితం విడదీస్తే తప్పిపోతుందనే పాత అలవాటుతో, సంవత్సరం ఫోల్డరు మొత్తం లాగి పడేశాడు. మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ పచ్చ గీత నత్త నడిచినట్టు నడిచింది.

ప్రింటర్‌లో పెట్టాడు. తెర వెలిగింది. కెమెరా ఫోటోల ఫోల్డరు ఒకటి, దాని కింద సంవత్సరం. చక్రం తిప్పి నొక్కాడు. నెల వచ్చింది. నొక్కాడు. ఊరు. నొక్కాడు. ఖాతాదారు దగ్గర "మా ఇల్లు" అని తనే రాసుకున్నాడు, అదీ వచ్చింది. నొక్కాడు.

ఖాళీ. "వెనక్కి" అనే ఒక్క గీత తప్ప ఏమీ లేదు.

వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాడు. ఖాళీ. ల్యాప్‌టాప్‌లో పెడితే అక్కడ వస్తువు ఫోల్డరూ ఉంది, ఫైలూ ఉంది. మిషన్‌లో పెడితే లేదు. బతికుండగానే రికార్డుల్లో లేకుండా పోయిన మనుషులు ఎందరికో ముప్పై ఏళ్లలో కాగితాలు రాసిచ్చాడు. వాళ్ల పాటు ఇలా ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

ఫోన్ బుర్రుమంది. భార్య పంపిన మెసేజ్, ఎప్పుడు పంపిందో ఇప్పుడొచ్చింది. "ఫోల్డర్లలో పెట్టకండి. అది లోతుకి చూడలేదు. కార్డు తెరవగానే కనబడేలా బయటే పెట్టండి. పేరు" అని ఉంది. పేరు తర్వాత ఏమీ లేదు. రెండో మెసేజ్ దారిలోనే ఎక్కడో ఆగింది.

ఈసారి ఫైలుని ఒక్కదాన్నే పట్టుకుని ఫోల్డర్లన్నిటి బయటా పెట్టాడు. ఆరుబయట ఒంటరిగా నిలబెట్టినట్టుంది. నిజానికి వస్తువు ఫోల్డరులో ఎల్బో ఫైళ్లు రెండున్నాయి. ఒకటి మొదట కొలత తప్పినది. ఏది ఏదో అతని పొడుగు పేరే చెప్పింది: అత్తగారి కఫం మిషన్ మూత ఎల్బో, రెండోసారి సరిచేసిన కొలత, ఇదే సరైనది, చెరపవద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో అదంతా ఒక గొలుసులా ఉంది. కనీసం ఇందుకైనా పనికొచ్చిందనుకున్నాడు.

ప్రింటర్‌లో పెట్టాడు. ఫోటోల ఫోల్డరు. సంవత్సరం ఫోల్డరు. ఫైలు లేదు.

పలక చప్పుడు రాలేదు. అది అతన్ని ఎక్కువ భయపెట్టింది. పరిగెత్తాడు. ఆవిడ దిండ్ల మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులా మంచం పట్టె పట్టుకుని, భుజాలతో గాలి లాగుతోంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఎనభై ఆరు. సిరంజి రెండు సార్లు పెట్టాడు. రెండోసారి ఏదో కదిలి కొంత వచ్చింది. ఎనభై ఎనిమిది.

"కనబడటం లేదు అత్తయ్యా," అన్నాడు. "కార్డు మార్చాను. బయట పెట్టాను. పేరు అని రాసింది, పేరు ఏంటో రాయలేదు."

ఆవిడ చెయ్యి చాచింది. ల్యాప్‌టాప్ అక్కడికే తెచ్చి చూపించాడు. ఆవిడ ఆ పేరుని ఎడమ నుంచి కుడికి చదివింది. తెర చివరికి వెళ్లి కిందికి దిగి మళ్లీ చదివింది. ఆ స్థితిలో కూడా, లెక్క తప్పిన పిల్లాడి వైపు చూసినట్టు అల్లుడి వైపు చూసింది. విరిగిన బలపం ముక్కతో రాసింది.

పొట్టి.

"ఎంత పొట్టి?"

వేళ్లు చూపించింది. ఐదు, మూడు. ఎనిమిది. కూతురు ఎవరితోనో ఫోన్‌లో చెబుతుంటే విని ఉంటుంది.

అతను పేరు మీద నొక్కి చెరపడం మొదలుపెట్టాడు. చుక్క దగ్గర ఆగాడు. చుక్క తర్వాతి జీకోడ్ అనే తోక ముట్టుకోకూడదని భార్య ఆదివారమే చెప్పింది, ఆ ఒక్కటీ విన్నాడు. చుక్కకి ముందంతా ఖాళీ అయింది. గీత మిణుకు మిణుకుమంటోంది.

పేరు పెట్టాలి. ఎనిమిది అక్షరాల లోపు. ఏదైనా సరే. ముప్పై ఏళ్లలో కొన్ని వేల పేర్లు రాసిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. తండ్రి పేరు లేకుండా, ఊరు లేకుండా పేరు ఎలా ఉంటుందో ఆ చేతికి తెలియదు. ఎల్బో అని పెడదామంటే రెండు ఎల్బోలు, బయట ఉన్నది ఒక్కటేనన్నది తట్టలేదు. తప్పుది అచ్చయితే ముప్పై ఎనిమిది నిమిషాలూ బూడిదలో పోసినట్టే. చెమట కంట్లోకి దిగింది.

బలపం గీసిన చప్పుడు. ఈసారి అక్షరాలు వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చదవడానికి పలక వంచాల్సి వచ్చింది.

నిశాని.

సంతకం రానివాడి చేత అతను కాగితం కింద వేలిముద్ర వేయించి పక్కన రాసే మాట అది. ఆ మాట ఈ ఇంట్లో రోజుకి పదిసార్లు వినబడుతుంది. చదువురాని మిషన్‌కి నిశాని చాలదా అని ఆవిడ అడుగుతోంది. ఎగతాళి చేస్తోంది, ఊపిరాడకుండా.

ఇంగ్లీషులో ఏడు అక్షరాలు. కొట్టాడు. కార్డు తీసి, ముందు గదిలోకి వెళ్లి, సందులో పెట్టి, కళ్లు మూసుకుని చక్రం నొక్కాడు.

కళ్లు తెరిస్తే ఫోల్డర్ల కింద, తెర అడుగున, ఒక చిన్న గీత: నిశాని.

నొక్కాడు. మిషన్ కాసేపు ఏమీ చెయ్యలేదు, పళ్లెం వేడెక్కుతోంది. నాలుగు నిమిషాలు అంకెలు ఎక్కాయి. తర్వాత ముక్కు కదిలింది, పళ్లెం మీద గోరంత వలయం గీసింది.

ఆ తర్వాతి ముప్పై ఎనిమిది నిమిషాల్లో లేఖరి ఆ రెండు గదుల మధ్య ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. ఇక్కడ నిలబడితే అక్కడేమైపోతుందోనని, అక్కడ కూర్చుంటే ఇక్కడ ముక్క పళ్లెం మీంచి ఊడిపోతుందేమోనని. కరెంటు పోతుందేమోనని పైన బల్బు వైపు చూశాడు. చూపు పడితే పోతుందన్నట్టు వెంటనే తల దించాడు. సిరంజి ఏడుసార్లు పెట్టాడు. ఆవిడ ఇక పలక తీసుకోలేదు. కళ్లు తలుపు మీదే ఉన్నాయి. ఎనభై ఏడు. ఎనభై ఆరు. మధ్యలో ఒకసారి అంకె పోయి అడ్డగీతలు వచ్చాయి. ఆవిడ వేలు చల్లబడి క్లిప్పు జారిందంతే. వేలు తన అరచేతిలో పెట్టుకుని రుద్ది మళ్లీ పెట్టాడు. ఎనభై ఐదు.

ముక్క అయిందని మిషన్ కూసింది. చల్లారేదాకా ఆగే ఓపిక లేదు, బొబ్బ లేస్తుందనే స్పృహా లేదు. పట్టకారుతో పీకి, పాత ముక్క నుంచి రబ్బరు వలయం తీసి దీనికి తొడిగి, మూతలో దూర్చాడు. దూరనంది. తిప్పుతూ నొక్కాడు. టక్కుమని కూర్చుంది. గొట్టం తగిలించి మోటారు వేశాడు. కొసని బొటనవేలితో మూశాడు.

ముల్లు లేచింది. లేచి, నిలబడింది.

సన్న గొట్టం గుర్తు దాకా పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగుకి సీసాలో గుటకేసిన చప్పుడు. ఏదో పెద్ద గడ్డ తెగి వచ్చింది. ఆవిడ ఒళ్లంతా ఎగిరిపడి, తర్వాత గొట్టంలోంచి పొడుగ్గా, శుభ్రంగా ఒక ఊపిరి బయటికొచ్చింది. లేఖరి ఐదు, ఆరు అని లెక్కపెడుతూనే ఉన్నాడు. గొట్టం ఎప్పుడో బయటికి తీసేశాడు. ఏడు, ఎనిమిది.

ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి. ఆవిడ నుదురు తుడుస్తుంటే తొంభై మూడు.

అంబులెన్సూ, దాని వెనకే వచ్చిన బస్సులో భార్యా ఇంచుమించు ఒకే సమయానికి చేరారు. అంబులెన్సు మనిషి ఆవిడ ఛాతీ విని, సీసా చూసి, "లాగేశారు కదా, మంచిపని. ఇవాళ్టికి ఆస్పత్రిలో ఉంచుదాం," అన్నాడు. భార్య చెప్పులతోనే లోపలికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. కొత్త మూత ఆమె సంచీలో ఉంది. దాని పక్కనే అంటించిన కవరు, అంటు మీద సంతకం, తడిసి సిరా పాకింది.

"ఒరిజినల్ భద్రంగానే ఉందండీ," అంది భర్తతో. ఏడుపో నవ్వో తెలియలేదు. "నాలుగు మెసేజ్‌లు పంపాను. పేరు ఎనిమిది లోపు పెట్టమని. అందలేదా?"

"మీ అమ్మ చెప్పింది."

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే అత్తగారు పలక కావాలని సైగ చేసింది. బలపం లేదు, ముక్కలు మంచం కింద ఎక్కడో పడ్డాయి. ఆవిడ బొటనవేలు నోటి దగ్గర తడి చేసుకుని, పలక మీద మిగిలిన సుద్ద మీద ఒత్తి, అల్లుడికి చూపించింది. ఒక వేలిముద్ర.

లేఖరి నవ్వబోయాడు, రాలేదు.

అందరూ బయటికెళ్లాక, ఇల్లు తాళం వెయ్యడానికి ముందు గదిలోకి వచ్చాడు. ప్రింటర్ తెర ఇంకా వెలుగుతోంది. కెమెరా కార్డు సందులోనే ఉంది. రేపు రిజిస్ట్రేషన్ ఒకటుంది, హద్దుల ఫోటోలు అందులోనే ఉన్నాయి. తీసుకెళ్లాలి. చెయ్యి చాచాడు. తీస్తే ఆ పేరు తెర మీంచి పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, లైటు ఆర్పకుండానే తలుపు వేశాడు.